స్టాటిన్ వేసుకున్నా తగ్గని లైపోప్రోటీన్ లిటిల్ ఏ

కొత్త దేశంలో డాక్టరు దగ్గర పేరు నమోదు చేసుకునేటప్పుడు, మీ కుటుంబంలో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెపోటు వచ్చిందా అని అడుగుతారు. మగవారిలో 55, ఆడవారిలో 65 ఏళ్లలోపు వచ్చినదాన్ని ఆ లెక్కలో చేరుస్తారు. అలాంటివారు ఉంటే, రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే కణాల్లో ఒకటైన లైపోప్రోటీన్ లిటిల్ ఏ పరీక్ష రాయమని మీరే అడగండి, ఎందుకంటే మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో అది ఉండదు.

తండ్రికి 48వ ఏట గుండెపోటు వచ్చిన ఒక నలభై ఏళ్ల వ్యక్తిని ఊహించుకోండి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుతో ఆయన ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 150 నుంచి 75కు దిగింది, కానీ లిటిల్ ఏ మాత్రం 190 నానోమోల్స్ దగ్గరే ఉండిపోయింది. మందు పనిచేయలేదని ఆయన దాన్ని మానేస్తే అది పెద్ద పొరపాటు. స్టాటిన్ కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తుంది, అప్పుడు కాలేయం తన ఎల్‌డీఎల్ గ్రాహకాలను పెంచుకుని రక్తంలోని ఎల్‌డీఎల్‌ను ఎక్కువగా లాగేసుకుంటుంది. లిటిల్ ఏ కూడా ఎల్‌డీఎల్‌ను పోలిన కణమే అయినా, దానికి అపోలైపోప్రోటీన్ ఏ అనే మరో ప్రోటీన్ అతుక్కుని ఉంటుంది. రక్తంలో దాని మోతాదును ప్రధానంగా నిర్ణయించేది కాలేయం ఎంత తయారుచేస్తుందన్నదే కాబట్టి, గ్రాహకాలు పెరిగినంత మాత్రాన అది తగ్గదు, ఒక్కోసారి కాస్త పెరుగుతుంది కూడా. ధమని గోడలోకి చేరి, తాను మోసుకొచ్చే ఆక్సీకరణ చెందిన కొవ్వులతో వాపును రేపే ఈ కణం వల్ల, ఎల్‌డీఎల్ అదుపులో ఉన్నవారిలో కూడా కొంత ముప్పు మిగిలిపోతుంది.

ఆ తయారీ ఎంతన్నది చాలావరకు ఆరో క్రోమోజోమ్‌పై ఉన్న ఎల్‌పీఏ జన్యువు నిర్ణయిస్తుంది. అందులో క్రింగిల్ అనే ఒక భాగం పదేపదే పునరావృతమవుతుంది. ఆ పునరావృతాలు తక్కువైతే ప్రోటీన్ చిన్నదై కాలేయం నుంచి సులువుగా బయటపడుతుంది, దాంతో రక్తంలో మోతాదు పెరుగుతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే ప్రతుల్లో రెండూ పనిచేస్తాయి కాబట్టి, ఆ తండ్రి ప్రతుల్లో ఒకటి ఎక్కువ తయారుచేసేదైతే, అది ఒక్కో బిడ్డకూ చేరే అవకాశం సగానికి సగం. అందుకే అన్నకు ఎక్కువగా, తమ్ముడికి మామూలుగా ఉండవచ్చు. ఆహారం, వ్యాయామం దీన్ని దాదాపుగా మార్చవు, కాబట్టి చాలామందికి జీవితంలో ఒక్కసారి పరీక్ష సరిపోతుంది.

రిపోర్టులో యూనిట్లు చూసుకోండి. లీటరుకు 125 నానోమోల్స్ లేదా డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ అంటారు, కానీ కణాల బరువు మనిషిమనిషికీ మారుతుంది కాబట్టి అమ్మానాన్నల మిల్లీగ్రాముల రిపోర్టును గుణించి మీ నానోమోల్స్‌తో పోల్చడం సరికాదు.

మన ఉదాహరణలోని వ్యక్తికి డాక్టరు స్టాటిన్‌ను కొనసాగిస్తూ, ఎజెటిమైబ్ అనే మరో కొలెస్ట్రాల్ మందు చేర్చి ఎల్‌డీఎల్‌ను ఇంకా దించవచ్చు, రక్తపోటును గట్టిగా అదుపు చేయవచ్చు. పీసీఎస్‌కే9 అనే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు లిటిల్ ఏను సుమారు పావు వంతు తగ్గిస్తాయి, కానీ వాటిని ప్రధానంగా ఎల్‌డీఎల్ కోసమే ఇస్తారు. ఆయన తోబుట్టువులు, పిల్లలు కూడా ఈ పరీక్ష చేయించుకోవాలి.