ఆన్‌లైన్ క్లాసులో పేరు ఎలా పెట్టుకోవాలి?

ప్రశ్న: మాది కావలి. నాన్న ఫోన్‌లో జూమ్ క్లాసుకి వెళ్తున్నా. సార్‌కి మర్యాదగా ఉండాలి, నా వివరాలూ బయటపడకూడదు. ఏ పేరు పెట్టాలి?

జవాబు: అసలు పేరు, రోల్ నంబరులో చివరి రెండంకెలు చాలు: "శ్రావణి 27". హాజరు పట్టీలో వెతుక్కోవడానికి సార్‌కి అదే వీలు. "ప్రిన్సెస్" లాంటివి పెడితే ఎవరో తెలియక వెయిటింగ్ రూమ్‌లోనే ఉంచేస్తారు, అందులో ఆయన తప్పేం లేదు.

ఇంటిపేరు, ఊరు, ఫోన్ నంబరు వద్దు. హాల్ టికెట్ నంబరు మొత్తం అసలే వద్దు; చాలాచోట్ల దాంతోనే మార్కులు చూసేయొచ్చు. క్లాసు రికార్డయినా, ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసినా పేరు అందులో ఉండిపోతుంది. అందుకే లోపలికెళ్లాక మార్చడం కన్నా, చేరేముందు అడిగే పేరు గడిలోనే సరిచేసుకో. లేకుంటే నాన్న పేరో "Redmi" అనో కనిపిస్తుంది. మర్చిపోతే Participants లో నీ పేరు నొక్కి Rename చెయ్యి. సార్ ఆ వీలు ఆపేసి ఉంటే చాట్‌లో ఆయనకి మాత్రమే చెప్పు.

గూగుల్ మీట్ సంగతి వేరు. అక్కడ ఖాతా పేరే కనిపిస్తుంది, మీటింగులో మార్చలేవు. నాన్న ఖాతా పేరు మారిస్తే ఆయన మెయిళ్లలోనూ మారిపోతుంది, కాబట్టి క్లాసులకి వేరే ఖాతా తెరిపించుకో.