మాస్టారికి ‘భవదీయురాలు’ అని రాయకూడదా?

సందేహం: విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో ఒక స్కూల్లో తెలుగు చెబుతానండి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి ముగ్గురిని పిలిచాం. ఒకరు విద్యాశాఖలో అధికారిణి, ఒకరు నాకు టెన్త్‌లో తెలుగు చెప్పిన మాస్టారు, ఇంకొకరు నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలు. “ప్రియమైన ఫలానా గారికి” అని మొదలుపెట్టి, “తప్పక రాగలరు” అని, కింద “భవదీయురాలు” అని పెట్టి, పేర్లు మార్చి ముగ్గురికీ అదే పంపాను. మాస్టారు ఫోన్ చేసి “నన్నెప్పుడు ఆఫీసర్ని చేశావమ్మా?” అన్నారు. ఏ మాట తప్పు?

సమాధానం: విడివిడిగా చూస్తే ఏ మాటా తప్పు కాదండీ. ‘భవదీయ’ అంటే తమకు చెందిన అని అర్థం, అంటే ‘భవదీయురాలు’ అన్నా ‘మీ మనిషి’ అన్నా ఒకటే. అర్థంలో అంత దగ్గరితనం ఉన్నా, ఏళ్ల తరబడి అర్జీల కిందా ఆఫీసు ఉత్తరాల కిందా సంపాదకులకు రాసే లేఖల కిందా ఉండి ఉండి ఆ మాటకి ఫైళ్ల వాసన పట్టేసింది. మీ మాస్టారి ముక్కుకి తగిలింది అదే. (పనిలో పనిగా, ‘మీ భవదీయుడు’ అని రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, అంటే ‘మీ మీవాడు’ అన్నమాట. ‘మీ’ తీసేయండి.)

‘ప్రియమైన’ సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. ఇంగ్లీషు ఉత్తరంలో డియర్ అనేది ఎవరికైనా వేస్తారు, డియర్ సర్ అన్నంత మాత్రాన ఆయన మీద ప్రేమ ఉందని ఎవరూ అనుకోరు, ఆ మాట అరిగిపోయింది. దాన్ని మనం ‘ప్రియమైన’ అని తెచ్చుకున్నాం గానీ తెలుగులో ఇది ఇంకా అరగలేదు. ప్రియమైన అంటే ఇష్టమైన అనే ఇప్పటికీ. ఈడువాళ్లకీ చిన్నవాళ్లకీ బాగుంటుంది, ముఖం కూడా చూడని అధికారిణికి రాస్తే లేని చనువు తీసుకున్నట్టుంటుంది. అంటే మీ ఉత్తరం తల స్నేహితురాలిది, కాళ్లు ఆఫీసువి. ముగ్గురిలో ఎవరికీ పూర్తిగా అతకలేదు.

తెలుగులో పలకరింపు మాటలకి ఒక దిశ ఉంటుంది, కిందినుంచి పైకి పోయేవి కొన్ని, పైనుంచి కిందికి వచ్చేవి కొన్ని. పాత ఉత్తరాల్లో ఇది మొదటి వాక్యంలోనే తేలిపోయేది. కొడుకు రాస్తే “పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా”, తండ్రి రాస్తే “చిరంజీవి ఫలానాను ఆశీర్వదించి వ్రాయునది”, ఆ తర్వాత ఎవరైనా సరే “ఉభయ కుశలోపరి”. ఆ ‘వ్రాయునది’ పోయింది, దిశ మాత్రం పోలేదు. ఆశీస్సులు, దీవెనలు, చిరంజీవి ఇవన్నీ పెద్దవాళ్లు చిన్నవాళ్లకి చెప్పాల్సినవి. మొన్నామధ్య నా పుట్టినరోజుకి నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు “శుభాశీస్సులు సార్” అని మెసేజ్ పెట్టాడు. నిండు మనసుతోనే పెట్టాడు, నేనూ కాదనకుండా దీవెన పుచ్చుకున్నాను, ఏం చేస్తాం! వాడు రాయాల్సింది శుభాకాంక్షలు, దానికి పైకీ కిందికీ అడ్డం లేదు.

ఇక మీ మూడు ఉత్తరాలూ నేనైతే ఎలా రాస్తానో చెబుతాను.

అధికారిణికి ముందు హోదా, ఊరు రాసి, కింద “గౌరవనీయులైన మేడమ్ గారికి నమస్కారం” అంటే చాలు. పాత పద్ధతిలో మగవాళ్లకి ‘అయ్యా’ అనీ ఆడవాళ్లకి ‘అమ్మా’ అనీ పెట్టేవాళ్లు, ఇప్పుడు మనకంటే చిన్న వయసు అధికారిణిని ‘అమ్మా’ అంటే ఇద్దరికీ ఇబ్బందిగా ఉంటోంది కాబట్టి ‘మేడమ్’ నయం. అసలు వయసులో చిన్నవాళ్లు పదవిలో పైనుంటే ఉత్తరం పదవినే చూడాలి, అలాగని వినయం మరీ ఒలకబొయ్యక్కర్లేదు. ముగింపులో ‘భవదీయురాలు’ సరిగ్గా ఇక్కడ పెట్టాల్సిన మాట. ‘విధేయురాలు’ అంటే చెప్పినట్టు వినే మనిషి అని, సెలవు చీటీలో హెడ్మాస్టరుకి రాస్తే సరేగానీ అతిథిగా పిలుస్తున్నవాళ్లకి అదెందుకు?

మాస్టారి దగ్గరే అసలు చిక్కు. ఆయన పెద్దరికంలో అధికారిణి కంటే పైన, దగ్గరితనంలో దాదాపు ఇంటిమనిషి. గౌరవం పెరిగితే దూరం పెరగాలనుకుంటాం, తెలుగులో అలా ఏం లేదు, నాన్నగారు అనడంలో రెండూ కలిసే ఉన్నాయి కదా. అందుకని “పూజ్యులైన మాస్టారికి నమస్కారాలు” అని మొదలుపెట్టండి. పేరు రాయొద్దు, ‘శ్రీ ఫలానా గారికి’ అని పూర్తి పేరు రాయగానే ఆయన కవరు మీది మనిషైపోతారు. ‘మాస్టారుగారికి’ అనీ వద్దు, మాస్టారులో గౌరవం ఎలాగూ ఉంది. ముగింపులో “మీ విద్యార్థిని” అని మీ పేరు, బ్యాచి సంవత్సరం. ‘విధేయురాలు’ కంటే ఆ ‘విద్యార్థిని’ ఎక్కువ వంగుతుంది, పైగా నిజం కూడా.

స్నేహితురాలికి ఏముంది, పేరు పెట్టి పిలవండి, లేదా మన వైపు మాటలో “ఏటే, ఎలాగున్నావు?” అనండి. చివర “ఉంటానే” అని పేరు రాసేస్తే అయిపోయింది. ఫోన్లో మనం అనే ‘ఉంటాను’ ఉత్తరానికీ ముచ్చటగా ఉంటుంది. దానికే ‘అండి’ తగిలిస్తే ఉంటానండి, కాస్త పరిచయం ఉన్న పెద్దవాళ్లకి మెసేజ్‌లో అదీ పనికొస్తుంది.

పైనా కిందా సరిచేసి మధ్యలో ‘తప్పక రాగలరు’ వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది. తల, కాళ్లు ఎంత చెబుతాయో క్రియా అంతే చెబుతుంది. ‘రాగలరు’ ఆహ్వానపత్రిక మీద అచ్చు వెయ్యడానికి బాగుంటుంది, ఒక మనిషిని పిలిచినట్టు ఉండదు. అధికారిణికి “ముఖ్య అతిథిగా విచ్చేయవలసిందిగా కోరుతున్నాం”, ఇందులో ‘కోరుతున్నాం’ కూడా సరిపోయింది, ఎందుకంటే పిలిచేది స్కూలు. మాస్టారికి ఆ బహువచనం వద్దు, “మీరు తప్పకుండా రావాలి మాస్టారూ, మా పిల్లలకి మీ చేత నాలుగు మాటలు చెప్పించుకోవాలని ఉంది” అని మీ నోటితోనే అడగండి. స్నేహితురాలికి “రాకపోయావో, ఇక నీతో మాటల్లేవ్”.

అయితే ఆ స్నేహితురాలు కూడా అతిథే కాబట్టి ఆవిడ తన కాలేజీలో సెలవు అడగడానికి మీ ఉత్తరం చూపించాల్సి రావచ్చు, ‘ఏటే’ అని ఉన్న కాగితం ప్రిన్సిపాల్ ముందు పెట్టలేదు. అలాంటప్పుడు స్కూలు లెటర్‌హెడ్ మీద “శ్రీమతి ఫలానా గారికి నమస్కారం” అని, ‘భవదీయురాలు’తో సహా ఒక పద్ధతైన ఉత్తరం రాసి, దాని వెనక చిన్న చీటీ గుచ్చండి, “పైది మీ ప్రిన్సిపాల్‌కి, ఇది నీకు” అని.