ఆ నల్ల మచ్చలు తెగులు కాదు, చలి దెబ్బ

ప్రశ్న: మాది ఆదిలాబాద్. కిటికీ గట్టు మీద ఉన్న అగ్లోనిమా ఆకులపై నూనె మరకల్లాంటి నల్ల మచ్చలు వచ్చాయి. హాల్లో ఏసీకి ఎదురుగా ఉన్న ఆంథూరియం ఆకుల అంచులు మాడుతున్నాయి. రాత్రిళ్లు ఏసీని హీటింగ్‌లో పెడుతున్నాం. రెండింటికీ రోజూ నీళ్లు పోస్తున్నా. ఏ మందు కొట్టాలి?

జవాబు: ఏ మందూ వద్దు. రెండు మొక్కల బాధా వేర్వేరు.

అగ్లోనిమా చలికి చాలా సున్నితం. సుమారు 13 డిగ్రీల కంటే చల్లబడితే ఆకు కణాలు దెబ్బతిని లోపలి నీరు బయటికి ఊరుతుంది. నూనె మరకలా కనిపించేది అదే. మచ్చలు చలి పడిన కొన్ని రోజులకు గానీ బయటపడవు కాబట్టి తెగులని పొరబడటం సహజం. గాజు వైపున్న ఆకులకే మచ్చలుండి, చుట్టూ పసుపు వలయం లేకుండా, రోజురోజుకూ పెరగకపోతే చలి దెబ్బే.

కుండీని గాజుకు రెండడుగులు లోపలికి జరపండి. రాత్రి తెర వేశాక మొక్క గది వైపు ఉండాలి. తెరకూ గాజుకూ మధ్య చిక్కుకుంటే గదిలోకెల్లా చల్లని చోట ఉన్నట్టే. చల్లటి బండల మీద పెట్టకుండా చెక్క పీట గానీ, అంగుళం మందం థర్మోకోల్ ముక్క గానీ కింద వేయండి. తెల్లవారుజామున మొక్క దగ్గర థర్మామీటరు 15కి తగ్గితే ఇంకా లోపలికి మార్చాలి.

ఈ మొక్కకు రోజూ నీళ్లు పోయడం ఆపండి. చలిలో వేర్లు నీటిని సరిగా తీసుకోలేవు, తడి నిలిచి కుళ్లుతాయి. పైమట్టి రెండంగుళాలు ఆరాకే, ఉదయం 10 గంటల ప్రాంతంలో పోయండి. మిద్దె ట్యాంకు నీళ్లు పొద్దున్నే మంచులా ఉంటాయి. ముందు రోజు రాత్రే బకెట్‌లో పట్టి ఇంట్లో ఉంచుకుంటే సరి. మచ్చ పడిన ఆకు మళ్లీ పచ్చబడదు. అలాగని వెంటనే కోయకండి, పూర్తిగా ఎండాక తీసేయండి. కాండం మెత్తబడితే మాత్రం గట్టి భాగం వరకు కోసి, ఆ పైముక్కను కొబ్బరి పొట్టులో నాటి వెచ్చని చోట పెట్టండి.

ఆంథూరియంది దాహం. 12 డిగ్రీల గాలిని 24కు వేడిచేస్తే, కొత్తగా నీరు చేరదు కనుక, దాని తేమ శాతం దాదాపు సగానికి పడిపోతుంది. ఆ పొడి గాలి నేరుగా తగిలితే వేర్లు అందించేదానికన్నా వేగంగా ఆకు నీటిని కోల్పోతుంది. అంచులు ముందు మాడేది అందుకే. ఆకుల ఎత్తులో పుల్లకు టిష్యూ కాగితం కట్టి, ఏసీ వేసి చూడండి. కాగితం ఊగుతుంటే అక్కడ మొక్క ఉండకూడదు. ఏసీ రెక్కలు పక్కకు తిప్పినా సరే, ఊగడం ఆగాలి. ఎండాకాలం చల్లగాలికీ ఇదే పరీక్ష.

దీని కుండీ త్వరగా ఆరుతుంది గనుక రెండ్రోజులకోసారి వేలు పెట్టి చూడండి. పైమట్టి అంగుళం ఆరితే అడుగు రంధ్రాల నుంచి కారేవరకు పోసి, పళ్లెంలో నిలిచిన నీటిని అరగంటలో పారబోయండి. ఆకులపై నీళ్లు చిలకరిస్తే తేమ నిలిచేది కాసేపే, దాన్ని నమ్ముకోవద్దు. కొత్త ఆకులు మొదలయ్యేదాకా రెండింటికీ ఎరువు వేయకండి.