మిగిలిందే డివిడెండ్: రెసిడ్యువల్ పద్ధతి లెక్క

ప్రశ్న: కంపెనీకి 100 కోట్ల నికర లాభం వచ్చింది. రెసిడ్యువల్ పద్ధతిలో డివిడెండ్ ఎంతో ఎలా తేలుస్తారు?

ముందు చూడాల్సింది లాభం కాదు, పెట్టుబడి బడ్జెట్. మూలధనం సమకూర్చుకోవడానికి అయ్యే ఖర్చుకు మించి రాబడి ఇచ్చే ప్రాజెక్టులకు ఈ ఏడాది 120 కోట్లు కావాలనుకుందాం. పెట్టుబడిలో అప్పు వాటా 40 శాతం ఉండాలని కంపెనీ పెట్టుకుంటే 48 కోట్లు అప్పు తెస్తారు. మిగతా 72 కోట్లు లాభంలోంచి తీస్తారు. వాటాదారులకు మిగిలేది 28 కోట్లు, అంటే 28 శాతం చెల్లింపు.

బడ్జెట్ 170 కోట్లకు పెరిగితే? సొంత వాటాగా 102 కోట్లు కావాలి. డివిడెండ్ సున్నా, పైగా 2 కోట్లకు కొత్త షేర్లు అమ్మాలి, లేదా ఏదో ప్రాజెక్టు వాయిదా వేయాలి.

చిక్కంతా ఇక్కడే. లాభం మారకపోయినా డివిడెండ్ ఊగిపోతుంది, వాటాదారులకు టెన్షన్. అందుకే ఈ లెక్కను ఏటా అక్షరాలా పాటించకుండా, నాలుగైదేళ్ల అంచనాలపై వేసి, సగటున నిలబడే డివిడెండ్ పెట్టుకోవడం మేలు.