నాన్న గురించి మంచిగానే రాశాను, ఆయన మాట్లాడటం మానేశారు

మేడమ్, నా వయసు 34. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాన్న ఆర్టీసీ కండక్టర్‌గా రిటైర్ అయ్యారు. నా ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్ సీటు ఫీజుకి మూడుసార్లు పీఎఫ్ తీశారని, అక్క పెళ్లికి మా బాబాయి దగ్గర మూడు లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చారని, నాకు ఉద్యోగం వచ్చాక కూడా డబుల్ డ్యూటీలు చేసి ఒక్కరే తీర్చారని ఈ మధ్యే అమ్మ చెప్పింది. ఏడుపొచ్చింది. ఫాదర్స్ డే రోజు అదంతా ఫేస్‌బుక్‌లో రాశాను. అందరూ మెచ్చుకున్నారు. నాన్న మాత్రం ‘ఇంటి గుట్టు వీధిన పెట్టాడు’ అన్నారట. ఫోన్ ఇస్తే తీసుకోవడం లేదు. అక్క ‘నా డిగ్రీ సంగతి రాయలేదేం?’ అని మెసేజ్ పెట్టింది. నేను చేసిన తప్పేంటి?

మీరు రాసిందాంట్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు. చిక్కంతా అక్కడే ఉంది. ఆ పోస్టును మీ స్నేహితులు చదివినట్టు మీ బాబాయి చదవరు, మీ అక్క అత్తగారు చదవరు. వాళ్ల కళ్లతో ఒకసారి చదివి చూడండి.

ముందు బాబాయి సంగతి. మూడు లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు ఆరు వేలు, ఏడాదికి 72 వేలు. బయటివాళ్ల దగ్గరైతే ఊళ్లో నడిచే రేటే కాబట్టి ఎవరూ వింతగా చూడరు. కానీ సొంత అన్న కూతురి పెళ్లికి ఇచ్చిన డబ్బుకి తమ్ముడు నెలనెలా వడ్డీ తీసుకున్నాడంటే బంధువుల్లో ఏమనుకుంటారో మీకు తెలియంది కాదు. మీ నాన్నగారు ఇన్నేళ్లూ నోరు మెదపకపోవడానికి మీ మీద ప్రేమ ఒక్కటే కారణమని మీరు అనుకుంటున్నారు. తమ్ముడి పరువు కూడా అందులో ఉందని నాకనిపిస్తోంది. రేపు ఏ పెళ్లిలోనో ఆ ఇద్దరూ ఒకే పంక్తిలో కూర్చుని భోంచెయ్యాలి. ఇప్పుడు వడ్డించేవాళ్లకి కూడా ఆ వడ్డీ లెక్క తెలుసు.

ఇక అక్క. పీఎఫ్ నిబంధనల్లో ఒక విషయం మీకు తెలిసి ఉండకపోవచ్చు. మీ చదువు నాటికి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, ఏడేళ్ల సర్వీసు నిండినవాళ్లు పిల్లల పై చదువులకో, ఇంట్లో పెళ్లికో తమ వాటాలో సగం వరకు తీసుకోవచ్చు. తిరిగి కట్టక్కర్లేదు, రిటైరయ్యేటప్పుడు చేతికొచ్చేది ఆ మేరకు తగ్గుతుంది. అయితే చదువుకీ పెళ్లికీ కలిపి మొత్తం సర్వీసులో మూడుసార్లే. ఆ మూడూ మీ ఫీజులకే అయిపోయాయి. అక్క పెళ్లి కుదిరేసరికి ఆ దారి మూసుకుపోయి ఉంటుంది, అందుకే వడ్డీ అప్పు. మీరేమో ‘అక్క పెళ్లికి అప్పు చేశారు’ అని రాశారు. చదివేవాళ్లకి అప్పు అక్క వల్ల అయినట్టుంది. అసలు లెక్క తీస్తే అది మీ సీటు దగ్గర మొదలైంది. పైగా ఆమెను డిగ్రీతో సరిపెట్టుకోమన్నారని ఆమె మెసేజ్‌ని బట్టి అర్థమవుతోంది. నాన్న త్యాగం గురించి రాస్తూ, అందులో ఆమె వదులుకున్న వాటాను కూడా ఆయన ఖాతాలోనే వేసేశారు. అత్తింటివాళ్ల ముందు ఆమె ఇబ్బంది వేరే.

సరే, ఇప్పుడేం చెయ్యాలి? పోస్టులో ఆ రెండు వాక్యాలు తీసేసి సరిదిద్దుదామనుకుంటారేమో, ఆ పని చెయ్యకండి. ఫేస్‌బుక్‌లో ఎడిట్ చేస్తే పాత రాత హిస్టరీలో కనబడుతూనే ఉంటుంది, తీసేశారని తెలిస్తే ఆసక్తి ఇంకా పెరుగుతుంది. మొత్తం పోస్టే డిలీట్ చెయ్యండి. అన్ని కామెంట్లు పోతాయని ప్రాణం ఒప్పకపోతే, మీకొక్కరికే కనబడేలా మార్చుకోండి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోకి వెళ్లిందేమో చూడండి. రెండున్నర రోజులు దాటితే అక్కడ అందరికీ డిలీట్ చెయ్యడం కుదరదు. అలాంటప్పుడు దాన్ని అలాగే వదిలెయ్యండి, గ్రూపులో సంజాయిషీలు రాయకండి. అడిగినవాళ్లకి ‘నాన్నకి నచ్చలేదండీ, తీసేశాను’ అంటే చాలు.

తర్వాత ఊరు వెళ్లండి. ఫోన్ ఆయన తియ్యడం లేదు, తీసినా ఇది ఫోన్లో తేలే సంగతి కాదు. వెళ్లగానే కాళ్ల మీద పడి ఏడవకండి. అలా చేస్తే మళ్లీ ఆయనే మిమ్మల్ని ఓదార్చాలి. ఆయన వయసువాళ్లు చాలామంది ఎదురుగా కూర్చుని మనసు విప్పరు, పక్కపక్కన నడుస్తూ మాట్లాడతారు. పాలకో కూరగాయలకో బయల్దేరినప్పుడు వెంట వెళ్లి, ‘బాబాయి పేరు ఎత్తకుండా ఉండాల్సింది నాన్నా. పోస్టు తీసేశాను’ అనండి. అంతే. ‘నేను ప్రేమతోనే రాశాను’ అని చేర్చకండి, ఆ మాటతో సంభాషణ మళ్లీ మీ గురించి అయిపోతుంది. ఆయన ‘ఊఁ’ అని ఊరుకోవచ్చు. ఊరుకోనివ్వండి. అమ్మ మీదా కోపంగా ఉండుంటారు, చెప్పింది ఆవిడే కాబట్టి. ‘అమ్మని నేనే గుచ్చి గుచ్చి అడిగాను’ అని ఆ నింద మీరు మోస్తే, ఆ ఇంట్లో కాస్త గాలి ఆడుతుంది.

ఆ మూడు లక్షలూ వడ్డీతో సహా ఆయన చేతిలో పెడదామన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. వద్దు. ఆయన తీర్చేసిన అప్పును మీరు మళ్లీ తీరిస్తే, అది బాకీ చెల్లింపులా ఉంటుంది. ఆయన ఇప్పటి అవసరం చూడండి. ఉద్యోగుల పెన్షన్ పథకంలో పెన్షన్‌ని అసలు జీతం మీద కాకుండా, మామూలుగా 15 వేల పరిమితి లోపే లెక్కగడతారు, 2014 సెప్టెంబర్‌కి ముందు ఆ పరిమితి 6,500 మాత్రమే. అందుకే ముప్పై ఏళ్లు బస్సులో నిలబడి టికెట్లు కొట్టినవాళ్లకు కూడా నెలకు మూడు నాలుగు వేలు రావడం మామూలే. పీఎఫ్ చూస్తే మీ చదువుకి కొంత పోయింది. కాబట్టి అమ్మానాన్నల జాయింట్ ఖాతాకి ప్రతి నెలా ఒకటో తేదీన కొంత డబ్బు దానంతటదే వెళ్లేలా బ్యాంకులో పెట్టించండి. ఎంత పంపుతున్నారో, దేనికి ఖర్చయిందో ఎవరితోనూ అనకండి, నాన్నతో కూడా. ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించి కూడా ఇవ్వొచ్చు, ఆ పని మీరు దగ్గరుండి చేసి పెట్టండి. ఇలాంటి చిన్న పనులకి నాన్నలు అడ్డు చెప్పరు.

ఒక విషయం మాత్రం గమనించండి. కోపమైతే ఆయన మీతోనే మాట్లాడరు, మిగతా రోజు మామూలుగా గడుస్తుంది. అలా కాకుండా రెండు వారాలు దాటినా టీ కొట్టు దగ్గరికి వెళ్లకుండా, పాత డిపో స్నేహితులను తప్పించుకు తిరుగుతూ, తిండీ నిద్రా తగ్గించేస్తే మాత్రం అలకే కదా అని వదిలెయ్యకండి. డాక్టర్‌కి చూపించండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

అక్క మెసేజ్‌కి ఇంకా జవాబు ఇచ్చినట్టు లేరు. దాన్ని నాన్న సంగతి తేలాక చూద్దామని వాయిదా వెయ్యకండి, ఆమెకి ఈరోజే ఫోన్ చెయ్యండి. ‘నువ్వు ఏం చదువుదామనుకున్నావక్కా?’ అని అడిగి, ఆమె చెప్పేదాకా మధ్యలో మాట్లాడకండి. చెప్పింది విన్నాక అది కూడా ఎక్కడా పోస్టు చెయ్యకండి.