మూడే ఫాల్టులు తెలిసినప్పుడు ఐసొలేషన్ ఫారెస్ట్‌ను ఎలా వాడాలి

ప్రశ్న: "కంప్రెసర్ల నుంచి నిమిషానికొకసారి వచ్చే రీడింగులు ఏడాదివి ఉన్నాయి. ఫాల్టు అని ఖాయంగా తెలిసినవి మూడే. ఐసొలేషన్ ఫారెస్ట్‌లో contamination ఎంత పెట్టాలి? అది సరిపోకపోతే ఇంకేం వాడాలి?"

contamination విలువ కోసం ఎక్కువ సమయం వెచ్చించవద్దని ముందుగా చెబుతాను. ఐసొలేషన్ ఫారెస్ట్ అసాధారణ వరుసలను వెతకడానికి డేటాను చీల్చే చెట్లను ఎన్నో కడుతుంది; పైథాన్ లైబ్రరీ sklearn లో ఆ సంఖ్య ఈ చెట్ల నిర్మాణాన్ని ఏమాత్రం మార్చదు. చెట్లన్నీ సిద్ధమయ్యాక, ట్రైనింగ్ డేటాలో ఎంత భాగాన్ని అసాధారణంగా లెక్కించాలో చెప్పే గీతను మాత్రమే అటూ ఇటూ జరుపుతుంది. నిమిషానికొక రీడింగు చొప్పున రోజుకు 1,440 వరుసలు వస్తాయి కనుక, 0.01 పెట్టామంటే ఆ డేటాలో కంప్రెసర్‌కు రోజుకు సగటున 14 నిమిషాలు అనుమానించదగ్గవని చూడకముందే తీర్మానించుకున్నట్టు. ఆ గీతను పక్కన పెట్టి స్కోరునే తీసుకోండి:

```python
m = IsolationForest(n_estimators=300, max_samples=256, random_state=7)
m.fit(X_train)
score = -m.score_samples(X_new)   # ఎక్కువైతే అసాధారణం
```

నేను ఈ పని చేసింది గుంటూరు ప్రాంతంలో మిర్చి నిల్వ చేసే ఒక కోల్డ్ స్టోరేజీలోని అమ్మోనియా కంప్రెసర్ల మీద. సక్షన్ ప్రెషర్, డిశ్చార్జ్ ప్రెషర్, మోటారు కరెంటు, గది ఉష్ణోగ్రతలాంటి రీడింగులన్నీ ఉన్నవున్నట్టుగా ఇచ్చి మొదటిసారి నడిపినప్పుడు, స్కోరులో పైన నిలిచినవన్నీ కంప్రెసర్ ఆన్ అయిన తొలి నిమిషాలు, డీఫ్రాస్ట్ జరుగుతున్న సమయాలు, సీజనులో వేడి మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, లోపలికి దించిన మధ్యాహ్నాలు. వాటిలో ఒక్కటీ లోపం కాదు.

అల్గారిదమ్ తప్పు చేసిందనుకోవడానికి వీల్లేదు. లియూ, టింగ్, ఝౌ 2008లో ప్రతిపాదించిన ఈ పద్ధతి, డేటాలోంచి 256 వరుసల చిన్న నమూనా తీసి, ఏదో ఒక కాలమ్‌ను, దాని కనిష్ఠ గరిష్ఠాల మధ్య ఏదో ఒక విలువను యాదృచ్ఛికంగా ఎంచుకుని నమూనాను రెండుగా చీలుస్తూ పోతుంది. కొద్ది చీలికల్లోనే ఒంటరిగా మిగిలిపోయే వరుసకు ఎక్కువ స్కోరు వస్తుంది. అంటే అది కొలిచేది ఒక వరుసను మిగతావాటి నుంచి ఎంత తేలికగా విడదీయవచ్చన్నది మాత్రమే. డీఫ్రాస్ట్ అరుదుగా వస్తుంది, దాని రీడింగులు దూరంగా ఉంటాయి, కాబట్టి వెంటనే విడిపోతుంది. అందుకే కంప్రెసర్ ఆన్ అయ్యాక మొదటి 10 నిమిషాలనూ, డీఫ్రాస్ట్‌నూ, అది ముగిశాక వ్యవస్థ కుదురుకునే వ్యవధినీ పూర్తిగా తీసేసి, స్థిరంగా నడుస్తున్న సమయం మీదనే ట్రైనింగ్ చేశాను. తీసేసిన సమయాల్లోని లోపాలు దీనికి ఇక కనిపించవు; వాటికి మామూలు హద్దుల అలారం ఒకటి విడిగా పెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. మాకు తెలిసిన మూడు ఫాల్టుల్లో ఒకటి జనవరి రాత్రి జరిగింది. వ్యవస్థలోకి గాలి చేరి, డిశ్చార్జ్ ప్రెషర్ 12.5 బార్ చూపించింది. ఆ అంకెను ఒంటరిగా చూస్తే ఎవరికీ అనుమానం రాదు, ఎందుకంటే మే నెల మధ్యాహ్నం అదే యంత్రం ఏ లోపమూ లేకుండా 13.5 దగ్గర నడుస్తుంది. కానీ ఆ రాత్రి బయట, గాలి వేడినీ తేమనూ కలిపి చూపే తడి బల్బు ఉష్ణోగ్రత 18 డిగ్రీలే, ఆ చలికి 10.5 బార్ ఉంటే సరిపోవాలి. ఫారెస్ట్ మాత్రం ఆ వరుసకు 0.5 దరిదాపుల్లోనే, అంటే అనుమానించేంత ఎక్కువ కాని స్కోరు ఇచ్చింది. చెట్టులో ప్రతి చీలికా ఒక్క కాలమ్ మీదే పడుతుంది కనుక, విడివిడిగా మామూలుగానే ఉండి కలిపి చూస్తే పొసగని విలువలు దానికి అంత సులభంగా విడిపోవు.

చీలిక గీతలను ఏటవాలుగా వేసే ఎక్స్‌టెండెడ్ ఐసొలేషన్ ఫారెస్ట్ ఉన్నది, ఇలాంటి చోట కొంత మేలు కూడా. అయినా యంత్రం గురించి మనకు తెలిసిన సంగతిని డేటాలోనే పెట్టడం అంతకన్నా మంచిదని నా అభిప్రాయం. తడి బల్బు ఉష్ణోగ్రతను బట్టీ, లోడును బట్టీ డిశ్చార్జ్ ప్రెషర్ ఎంత ఉండాలో ఒక మామూలు రిగ్రెషన్‌తో అంచనా వేసి, అసలు రీడింగుకూ అంచనాకూ మధ్య తేడాను కాలమ్‌గా ఇచ్చాను. డేటాలో దాగి ఉన్న ఫాల్టులు రిగ్రెషన్ గీతను తమవైపు లాక్కోకుండా ఉండేందుకు HuberRegressor వాడాను. మామూలు రోజుల్లో ఆ తేడా 0.3 బార్ లోపల ఆడుతుంటే, ఆ జనవరి రాత్రి అది 2 బార్. అదే ఫారెస్ట్‌కు ఈసారి ఆ వరుసలు జాబితాలో పైకి వచ్చాయి. మోటారు కరెంటుకూ ఇలాగే, సక్షన్, డిశ్చార్జ్ ప్రెషర్లను బట్టి తేడా లెక్కించాను. గంట, తేదీ వంటి కాలమ్‌లను తీసేశాను, ఎందుకంటే పనికిరాని కాలమ్ ఉన్నకొద్దీ చీలికలు దాని మీద వృథా అవుతాయి.

రెండో ఫాల్టును ఇదీ పట్టలేదు. కండెన్సర్ గొట్టాల మీద నీటి ఉప్పు పొర కట్టడంతో ప్రెషర్ వారాల తరబడి కొద్దికొద్దిగా పెరిగింది. ఏ ఒక్క నిమిషమూ పక్క నిమిషానికి భిన్నంగా లేదు, పైగా మేం నెలనెలా మోడల్‌ను కొత్త డేటాతో ట్రైన్ చేస్తుండటంతో పెరిగిన ప్రెషరే మామూలైపోయింది. ఇలాంటిదానికి ఫారెస్ట్ కన్నా పాత కాలపు క్యూసమ్ చార్టు చక్కగా పనిచేస్తుంది. ప్రెషర్ తేడాకు రోజువారీ సగటు r తీసుకుని ఇలా పోగు చేయాలి:

```
S_t = max(0, S_(t-1) + r_t - k)
```

k అంటే పట్టించుకోనక్కరలేని చిన్న తేడా, నేను 0.15 బార్ పెట్టాను. తేడా అంతకు మించి రోజూ నిలిచిపోతే S ఎక్కుతూనే ఉంటుంది. ఇక్కడ ముఖ్యమైన షరతు ఒకటుంది: r ను లెక్కించే రిగ్రెషన్‌ను కండెన్సర్ శుభ్రం చేసిన తర్వాతి వారాల డేటాతో ఒకసారి అమర్చి, మళ్లీ శుభ్రం చేసేదాకా ముట్టుకోకూడదు. లోకల్ అవుట్‌లయర్ ఫాక్టర్‌ను కూడా ప్రయత్నించి వదిలేశాను. అది ఒక వరుస చుట్టూ ఉన్న సాంద్రతను దాని పొరుగు వరుసల సాంద్రతతో పోల్చి అసాధారణాన్ని వెతుకుతుంది. ఫాల్టు గంటల తరబడి సాగితే ఆ వరుసలే ఒకదానికొకటి దగ్గరి పొరుగులై, దట్టమైన గుంపుగా ఏర్పడి, మామూలువాటిలా కనిపిస్తాయి.

తెలిసిన ఆ మూడు ఫాల్టులను ట్రైనింగ్‌కు వాడకండి, పరీక్షకు మాత్రమే దాచుకోండి. వరుసలను కాకుండా ఘటనలను లెక్కపెట్టండి, ఎందుకంటే ఒక ఫాల్టు 300 నిమిషాలు సాగినా అది ఒక్క ఘటనే. మూడింటికి మూడూ దొరికినా దాన్నిబట్టి పెద్దగా ధీమా పడే వీలు లేదు: 95 శాతం నమ్మకంతో చెప్పగలిగే పట్టివేత రేటు కనీస హద్దు 0.05 కు ఘనమూలం, అంటే దాదాపు 37 శాతమే. పైగా మేం కాలమ్‌లను ఎంచుకున్నదే ఆ ఫాల్టులను చూసి కనుక, మా విషయంలో ఆ లెక్క కూడా ఉదారమైనదే.

అందుకని స్కోరులో అలారం గీతను ఎక్కడ గీయాలన్నది ప్లాంట్ ఆపరేటర్‌ను అడిగి తేల్చాను. రోజుకు రెండు అలారాలు చూడగలనన్నారు. పక్కపక్కన వచ్చిన నిమిషాలను ఒకే ఘటనగా కలిపి, రోజూ అత్యధిక స్కోరు ఉన్న రెండింటిని, ఏ కాలమ్‌లో తేడా ఎక్కువో రాసి ఆయనకు పంపేవాళ్లం. ఆయన పక్కనే "తలుపు తెరిచి ఉంది", "పంపు మార్చాం", "గాలి వదిలాం" అని రాసి తిప్పి పంపేవారు. నాలుగు నెలలకు ఆ రిజిస్టర్లో రెండు వందలకు పైగా ఎంట్రీలు చేరాయి. వాటిలో నిజమైన లోపాలు కొద్దే అయినా, తలుపు తెరిచి ఉంచడం లాంటి మామూలు కారణాలు ఇన్నిసార్లు తేలినందున తలుపు స్విచ్‌ను కూడా ఒక కాలమ్‌గా చేర్చాం, ఆ తర్వాత ఆ తరహా అలారాలు దాదాపు ఆగిపోయాయి.