డాక్టర్ సలహా: కుడి కన్ను ఆగకుండా అదురుతోంది, పక్షవాతమేమో అని భయం

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. అనంతపురంలో ఇంటి నుంచే బెంగళూరు కంపెనీకి పనిచేస్తాను, షిఫ్ట్ అయ్యేసరికి రాత్రి రెండవుతుంది. పన్నెండు రోజులుగా కుడి కన్ను కింది రెప్ప అదురుతోంది. రోజుకు ఐదారు కాఫీలు తాగుతాను. ఆడవాళ్లకు కుడికన్ను అదరడం కీడని అమ్మ బాధపడుతోంది, నేనేమో పక్షవాతానికి ముందు ఇలాగే వస్తుందని ఒక వీడియోలో చూసి భయపడుతున్నాను. స్కానింగ్ చేయించుకోవాలా?

జవాబు: ముందు ఆ పక్షవాతం భయం తీసేద్దాం అమ్మా. ముఖానికి పక్షవాతం వస్తే కండరం బలం కోల్పోతుంది, కన్ను పూర్తిగా మూసుకోదు, నవ్వితే మూతి ఒక పక్కకు లాగేస్తుంది. మీకు జరుగుతున్నది దీనికి తలకిందులు. రెప్ప చుట్టూ గుండ్రంగా ఉండే పల్చటి కండరానికి వెళ్లే నరంలోని కొన్ని పోగులు, ఎవరూ అడగకుండానే, వాటంతటవే సిగ్నల్ పంపుతున్నాయి. అందుకే కింద చర్మం లోపల సన్నగా అలలా కదులుతుంది, మీకు చాలా పెద్దగా అనిపిస్తుంది కానీ ఎదుటివాళ్లు దగ్గరగా చూస్తే తప్ప కనపడదు. దీన్ని మయోకైమియా అంటారు. ఎక్కువగా ఒక కంటికే, అదీ కింది రెప్పకే వస్తుంది. మీరు రాసిన లక్షణాలు సరిగ్గా ఇవే కాబట్టి ఇప్పుడు స్కానింగ్ అవసరం కనిపించడం లేదు. అమ్మగారికి కూడా ఈ మాటే చెప్పండి, కుడి ఎడమలతో దీనికి సంబంధం లేదు.

ఇక ఎందుకు వచ్చిందంటే, మీ ఉత్తరంలోనే సమాధానం సగం ఉంది. కాఫీలోని కెఫీన్ తాగిన అయిదు గంటల తర్వాత కూడా సుమారు సగం ఒంట్లోనే ఉంటుంది, అంటే రాత్రి పదింటికి నిద్ర ఆపుకోవడానికి తాగిన కాఫీ మీరు పడుకునేటప్పటికి ఇంకా సగం పనిచేస్తూనే ఉంటుంది. నిద్ర పట్టదు, పట్టినా లోతుగా ఉండదు, మర్నాడు అలసట, ఆ అలసట పోవడానికి మళ్లీ కాఫీ. ఆ పైన స్క్రీన్. మామూలుగా నిమిషానికి పదిహేను సార్లు దాకా రెప్ప వేసే మనం, స్క్రీన్ ముందు అందులో సగం కూడా వేయం, వేసినా సగం సగమే. అసలే మన అనంతపురం గాలి పొడి, దానికి తోడు ఫ్యాన్ లేదా కూలర్ గాలి నేరుగా ముఖానికి కొడితే కంటి మీద తడి ఆరిపోతుంది, పొడిబారిన కన్ను కూడా రెప్పను రెచ్చగొడుతుంది. పని ఒత్తిడి, ఇప్పుడు కొత్తగా చేరిన ఈ టెన్షన్ కూడా అంతే.

ఏం చేయాలి? కాఫీ ఒక్కసారిగా ఆపకండి, తలనొప్పి వస్తుంది. రెండు రోజులకు ఒకటి చొప్పున తగ్గిస్తూ వారం పది రోజుల్లో రెండుకు తీసుకురండి, మీరు మూడింటికి పడుకుంటారనుకుంటే చివరిది సాయంత్రం ఆరు లోపే అయిపోవాలి (కాఫీ బదులు టీ, ఎనర్జీ డ్రింకులు పెంచితే లాభం లేదు, వాటిలోనూ కెఫీన్ ఉంటుంది). షిఫ్ట్ మార్చుకోలేరు కాబట్టి పగటి నిద్రనే సరిగ్గా చేసుకోండి, గది చీకటిగా ఉంచి, ఇంట్లో వాళ్లను లేపొద్దని చెప్పి, ఏడు గంటలకు తగ్గకుండా చూసుకోండి. నాకైతే అన్నిటికంటే ముఖ్యం ఇదే. పనిలో ఇరవై నిమిషాలకొకసారి కిటికీలోంచి దూరంగా చూస్తూ నాలుగైదు సార్లు రెప్పలు పూర్తిగా మూసి తెరవండి. కన్ను మండుతుంటే, ఇసుక పడినట్టు ఉంటే మందుల షాపులో కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ ఉన్న కన్నీటి చుక్కలు దొరుకుతాయి, రోజుకు మూడు నాలుగు సార్లు వేసుకోవచ్చు. కానీ అక్కడ వాళ్లిచ్చే స్టెరాయిడ్ చుక్కలు మాత్రం వద్దు, అడగకుండా వాడితే కంట్లో ప్రెషర్ పెరుగుతుంది. మెగ్నీషియం, బీ12 బిళ్లలు అదురు తగ్గిస్తాయని చాలామంది కొంటున్నారు, లోపం లేనివాళ్లకు అవి పనిచేస్తాయని గట్టి ఆధారం లేదు.

ఇవన్నీ చేసినా మర్నాటికే తగ్గిపోదు. వస్తూ పోతూ, కొన్ని వారాలు పట్టవచ్చు. రెండు మూడు వారాల తర్వాత కూడా అలాగే ఉంటే కంటి డాక్టర్‌కు చూపించండి, సర్వజన ఆసుపత్రి కంటి విభాగంలోనూ చూస్తారు. అంతవరకు ఆగకూడని సందర్భాలు కూడా ఉన్నాయి: అదురు చెంపకో మూతికో పాకడం, కన్ను బలవంతంగా మూసుకుపోవడం, పై రెప్ప వాలిపోవడం, రెండుగా కనపడటం, ఎర్రబడి నొప్పి లేదా పుసి రావడం. ఉన్నట్టుండి మూతి వంకరపోయి చేయి లేవకపోతే, మాట తడబడితే, అది వేరే సంగతి, వెంటనే 108కు ఫోన్ చేయాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే, అదిరేటప్పుడు ఫోన్‌లో దగ్గరగా ఒక వీడియో తీసుకుని వెళ్లండి. ఆయన ముందు కూర్చున్న క్షణానే ఇది ఆగిపోవడం చాలా మామూలు.